గ్రూపులో మీ మీద వేసే జోకులు ఆపమని స్నేహితుడికి విడిగా చెప్పడం ఎలా?

వాట్సాప్ గ్రూపులో ఒక స్నేహితుడు మీ మీద పదే పదే ఒకే జోకు వేస్తున్నాడు. మొదట్లో మీరూ నవ్వారు. ఇప్పుడు ఫోన్ మోగితే చాలు, మళ్లీ అదేనేమో అని టెన్షన్. పోనీ అతను చెడ్డవాడా అంటే కాదు, అర్ధరాత్రి ఫోన్ చేసినా బండేసుకుని వచ్చే మనిషి. అందుకే ఏమీ అనలేకపోతున్నారు. అలాంటి స్నేహితుడితో, గ్రూపులో రచ్చ లేకుండా, ఆ ఒక్క జోకు మానిపించడం గురించే ఈ వ్యాసం.

ఒక హద్దు ముందే చెప్పుకోవాలి. కులాన్ని పట్టుకుని అనే మాటలు, ఆడపిల్లల ఫొటోలు మార్చి పెట్టడం, వద్దన్నాక కావాలనే వేధించడం జోకుల కిందికి రావు. వాటికి పక్కకి పిలిచి నచ్చజెప్పడం సరిపోదు. స్క్రీన్‌షాట్లు దాచుకుని, ఇంట్లో వాళ్లకో నమ్మకస్తులకో చెప్పి, అవసరమైతే cybercrime.gov.in లో ఫిర్యాదు చేయాలి. నేను చెప్పబోయేది మనసులో చెడు లేని స్నేహితుడి సంగతి.

ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా వెళ్దాం. వైజాగ్‌లో డిగ్రీ కలిసి చదువుకున్న 14 మంది గ్రూపు. అందులో ఒకతనిది గాజువాక, వయసు 33, ఇంకా పెళ్లి కాలేదు. ఇంకొకతనిది ఎంవీపీ కాలనీ, గ్రూపులో సందడంతా అతనిదే. ఒక స్నేహితుడి పెళ్లిలో గాజువాక అతను బంతిలో కూర్చుని బూరె కొరుకుతుంటే ఫొటో తీసి, ఎంవీపీ అతను దాన్ని స్టిక్కర్ చేశాడు. దాని మీద “అక్షింతలు వేయడానికే పుట్టాను” అని రాశాడు. అప్పటినుంచి గ్రూపులో ఎవరి శుభలేఖ పడినా దాని కింద మొదట పడేది ఆ స్టిక్కరే. తర్వాత అందరూ దాన్ని సేవ్ చేసుకున్నారు, అందరూ వేయడం మొదలుపెట్టారు. నిజంగా నవ్వొచ్చే స్టిక్కర్ అది. ఇబ్బందంతా అక్కడే ఉంది, ఎందుకంటే బాగా పేలిన జోకుని ఆపమని అడగడం కష్టం.

గ్రూపులోనే ఎందుకు అనకూడదు

చాలామంది ఒకరోజు ఓపిక నశించి గ్రూపులోనే “ఇక చాలు రా” అంటారు. ఆ క్షణంలో అవతలి మనిషి పరిస్థితి చూడండి. అతను ఆ జోకు వేస్తున్నది మీ కోసం కాదు, మిగతా 12 మంది నవ్వు కోసం. ఆ 12 మంది చూస్తుండగా మీరు ఆపమన్నారు. సారీ చెబితే తనే తప్పు చేసినట్టు అందరి ముందూ ఒప్పుకోవాలి. చెప్పకపోతే మొండివాడిలా కనిపిస్తాడు. ఈ రెండూ కాకుండా అతనికి సులువుగా దొరికే దారి ఇంకో జోకు: “అబ్బో, పెళ్లికొడుక్కి కోపం వచ్చిందిరోయ్.” దాని కింద వరసగా నవ్వుల బొమ్మలు పడతాయి. ఇప్పటిదాకా మీ మీద ఒక జోకుంది, ఇకనుంచి రెండు. మీ కోపం కూడా జోకైపోతుంది.

విడిగా మాట్లాడితే చూసేవాళ్లెవరూ ఉండరు కాబట్టి వెనక్కి తగ్గినా అతని పరువేం పోదు. ఇదే అసలు కారణం. గ్రూపులో అతను ఆడేది ఒక వేషం, మీ పక్కన నడుస్తున్నప్పుడు అతను మీ స్నేహితుడు. మీరు మాట్లాడాల్సింది స్నేహితుడితో.

ఇంకో సంగతి. 2006లో జస్టిన్ క్రూగర్ అనే అమెరికన్ మనస్తత్వ పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి ఈ ఆటపట్టించడం మీదే పరిశోధన చేశారు. ఆటపట్టించేవాళ్లకి తమ మనసులో చెడు లేదని తెలుసు కాబట్టి, అది ఎదుటివాళ్లకీ తెలుస్తూనే ఉందనుకుంటారు. పడేవాళ్లకి మాత్రం ఆ మనసు కనిపించదు, మాటే కనిపిస్తుంది. అందుకే ఒకే జోకుని వేసినవాడు సరదా అంటాడు, పడినవాడు అంతకంటే ఘాటుగా తీసుకుంటాడు. ఇది తెలిస్తే మీ మాట తీరే మారుతుంది. “నన్ను కావాలనే అవమానిస్తున్నావు” అంటే అతని ఉద్దేశాన్ని తప్పుబట్టినట్టు, దాని మీద అతను వాదిస్తాడు. “నీకు తెలియని ఒక సంగతి చెప్తాను” అంటే వింటాడు.

మొదట, పాత మెసేజ్‌లు చూసుకోండి

మాట్లాడే ముందు గ్రూపులో సెర్చ్ కొట్టి, ఆ జోకు ఎప్పుడెప్పుడు పడిందో ఒకసారి చదవండి. తవ్వి తవ్వి బాధపడటానికి కాదు. మూడు విషయాలు తేల్చుకోవడానికి: జోకు దేనికి పడుతోంది, అందులో మిమ్మల్ని నిజంగా బాధపెట్టేది ఏది, అది పడినప్పుడు మీరేం చేశారు.

గాజువాక అతను చూసుకుంటే లెక్క తేలింది. ఎంవీపీ అతను ఇతని మీద చాలా జోకులే వేస్తాడు. ఎక్కడికైనా ఆలస్యంగా వస్తాడని, గాజువాక నుంచి రావాలంటే వీసా కావాలని, బండి నడిపే తీరు గురించి. వాటిలో ఏదీ బాధపెట్టలేదు, కొన్నిటికి ఇప్పుడు కూడా నవ్వొచ్చింది. గుచ్చుకున్నది పెళ్లి జోకు ఒక్కటే, అందులోనూ ఆ స్టిక్కర్. అంటే “వాడు నన్ను ఎప్పుడూ ఏడిపిస్తాడు” అని ఇన్నాళ్లూ అనుకున్నది నిజం కాదు. బాధ ఒక్కచోటే ఉంది.

ఇంకోటి కూడా కనిపించింది. స్టిక్కర్ పడిన ప్రతిసారీ తనూ నవ్వుతున్న బొమ్మే పెట్టాడు. అందరూ చేసేది అదే. ముఖం మాడ్చుకున్నట్టు కనబడకూడదని నవ్వేస్తాం. కానీ అవతలివాడి దగ్గరున్న సాక్ష్యం ఆ నవ్వే. రేపు “నువ్వూ నవ్వావుగా” అంటాడు. ఆ మాటకి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి. అది ఏమిటో కింద వస్తుంది.

అడగాల్సింది ఒక్క వాక్యంలోకి తేవాలి

“నా మీద జోకులు వేయడం ఆపు” అంటే అది చాలా పెద్ద కోరిక. అతనికి ఏది అనొచ్చో ఏది అనకూడదో తెలియదు. నాలుగు రోజులు మీతో అంటీముట్టనట్టు మాట్లాడతాడు, మీకే ఇబ్బందిగా ఉంటుంది, చివరికి మీరే “ఏం కాదులే రా, మామూలుగా ఉండు” అంటారు. దాంతో జోకు తిరిగొస్తుంది. పెద్ద కోరిక విఫలమయ్యే తీరు దాదాపు ఎప్పుడూ ఇదే.

అడిగేది చిన్నదిగా, ఖచ్చితంగా ఉండాలి. ఏ విషయం, ఏ వస్తువు, ఏ చోటు: ఈ మూడూ తెలిస్తే చాలు. గాజువాక అతని వాక్యం ఇలా తయారైంది: “నా పెళ్లి గురించి జోకులు, ఆ స్టిక్కర్ గ్రూపులో వద్దు.” మనం నలుగురం కలిసి కూర్చున్నప్పుడు అంటే పర్వాలేదా, అక్కడ కూడా వద్దా అనేది మీరే తేల్చుకోండి. తేల్చుకోకుండా వెళ్తే అతను మొదట అడిగేది అదే.

దాంతోపాటు ఒక కారణం కావాలి. ఒక్కటే, అది కూడా నిజమైనది. గాజువాక అతని కారణం ఇది: ఒక సంబంధం దాదాపు ఖాయమయ్యేదాకా వచ్చి తప్పిపోయింది. ఇంట్లో అమ్మ భోజనం కూడా చేయలేదు. ఆ సాయంత్రమే గ్రూపులో ఎవరిదో శుభలేఖ పడింది, దాని కింద బూరె స్టిక్కర్. ఎంవీపీ అతనికి ఆ సంబంధం గురించే తెలియదు. తెలిస్తే వేసేవాడు కాదు. ఈ ఒక్క సంగతి, పాత మెసేజ్‌లన్నీ పెట్టి చూపించినదానికంటే బాగా అర్థమవుతుంది. “ఫలానా తేదీన ఇది అన్నావు, ఫలానా రోజున అది అన్నావు” అని పట్టీ చదివితే స్నేహితుడు కూడా బోనులో నిలబడ్డవాడిలా మాట్లాడతాడు.

మీ కారణం చెప్పుకోలేనంత సొంతమైనదైతే చెప్పాల్సిన పనిలేదు. “ప్రస్తుతం ఆ విషయంలో నా మనసు బాగాలేదు, వివరాలు అడగకు” అన్నా చాలు. స్నేహితుడికి ఆ మాట సరిపోవాలి.

ఎప్పుడు చెప్పాలి

జోకు పడిన రాత్రే చెప్పకండి. ఒళ్లు మండుతున్నప్పుడు రాసిన మెసేజ్‌లో మీకు అక్కర్లేని మాటలు వచ్చి చేరతాయి. అలాగని నెలలు ఆగితే మళ్లీ ధైర్యం రాదు. రెండు మూడు రోజులు ఆగి, తర్వాతి జోకు పడే సందర్భానికి ముందే చెప్పేయడం మంచిది. పెళ్లి జోకుల విషయంలో ఇది సులువు, మనకి క్యాలెండరే చెబుతుంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు, గ్రూపు ప్రశాంతంగా ఉంటుంది. శ్రావణం వచ్చిందంటే శుభలేఖలు వరసపెట్టి పడతాయి. ఆషాఢంలో చెబితే అది జరిగిపోయినదాని మీద ఫిర్యాదులా ఉండదు, రాబోయేదాని గురించి విన్నపంలా ఉంటుంది. మీ గ్రూపులో జోకు మార్కుల మీదో, ఉద్యోగం మీదో, బట్టతల మీదో అయితే దాని సీజన్ మీకే తెలుస్తుంది: ఫలితాలు, అప్రైజల్స్, పాత ఫొటోలు తవ్వే రీయూనియన్.

మందు దగ్గర చెప్పొద్దు. ఆ రాత్రి కౌగిలించుకుని కన్నీళ్లు పెట్టుకుంటారు, పొద్దున్నకి ఏం ఒప్పుకున్నాడో అతనికి గుర్తుండదు.

ఈలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఆ జోకుకి నవ్వుల బొమ్మ పెట్టడం ఇప్పుడే ఆపేయండి. మిగతా విషయాల్లో ఎప్పటిలాగే మాట్లాడండి, మ్యాచ్ గురించి వాదించండి, పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పండి. ఆ ఒక్కదాని దగ్గర మాత్రం మౌనం. గ్రూపు మొత్తానికీ దూరం జరిగితే అది అలకలా కనిపిస్తుంది, అలకని ఆటపట్టించడం ఇంకా తేలిక.

పిలవడానికి పంపే మెసేజ్

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వీలున్నంతవరకు అసలు మాట మెసేజ్‌లో చెప్పకండి. మెసేజ్ పిలవడానికి మాత్రమే. రాతలో గొంతు వినిపించదు. మీరు మెత్తగా అనుకుని రాసిన వాక్యాన్ని అతను నిష్ఠూరంగా చదవొచ్చు. పైగా పెద్ద పేరా చూడగానే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది.

గాజువాక అతను పంపిన మెసేజ్ ఇది:

“మావా, ఆదివారం పొద్దున్న బీచ్‌కి వస్తావా? కాసేపు నడుద్దాం. నీతో చిన్న విషయం మాట్లాడాలి. కంగారేం లేదు, డబ్బులు కాదు.”

చివరి మాట నవ్వులాటకి పెట్టింది కాదు. మన దగ్గర “నీతో మాట్లాడాలి” అంటే అప్పు అనో, ఆరోగ్యం బాగాలేదనో అనుకుంటారు. ఆ కంగారు ముందే తీసేయాలి. అలాగే విషయం ఏమిటో మెసేజ్‌లో చెప్పకండి. చెబితే “ఏట్రా సంగతి, ఆ స్టిక్కరేనా? దానికి ఫీలయ్యావా?” అని అక్కడే మొదలవుతుంది, మీరు కూర్చుని టైప్ చేస్తూ ఉండాలి.

వాట్సాప్‌లో గ్రూపు మెసేజ్‌ని నొక్కి పట్టుకుంటే మెనూలో Reply privately అని వస్తుంది. అది నొక్కితే ఆ జోకుతో సహా అతని సొంత చాట్‌లో మీ జవాబు వెళ్తుంది. పనికొచ్చేదే, కానీ ఇక్కడ వాడమని నేను చెప్పను. జోకుని ఎత్తి చూపిస్తూ మొదలుపెడితే నిలదీసినట్టు ఉంటుంది. పైగా వేలు పక్కకి జారి మామూలు రిప్లై నొక్కితే మీ మాట గ్రూపులో పడుతుంది. తీసేసినా This message was deleted అని మిగులుతుంది, అది చూసి అందరూ “ఏంటది, ఏంటది” అని అడుగుతారు. కాబట్టి అతని చాట్ నేరుగా తెరిచి, పైన ఉన్న పేరు చూసుకుని పంపండి. పంపే ముందు ఇంకో పరీక్ష: దీని స్క్రీన్‌షాట్ గ్రూపులో పడినా మీరు తలదించుకోవాల్సిన మాట ఇందులో లేదు కదా?

వాయిస్ మెసేజ్ కూడా వద్దు. గొంతు వణికితే అది రికార్డయి ఉంటుంది, ఎవరికైనా ఫార్వర్డ్ అవుతుంది.

ఎదురుగా మాట్లాడటం

చోటు ముఖ్యమే. ఇంటికి వెళ్తే వాళ్లావిడ టీ ఇస్తూ వింటుంది. టీ కొట్టు దగ్గర నిలబడితే గ్రూపులో ఇంకొకడు ఎదురుపడతాడు. పొద్దున్నపూట బీచ్ రోడ్డు ఇలాంటి మాటలకి బాగుంటుంది. నడిచేవాళ్ల కోసం ఆ వేళ బండ్లు ఆపేస్తారు. కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ వైపు నడిస్తే పక్కపక్కనే ఉంటారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోవాల్సిన పనుండదు. కష్టమైన మాట ఎదురెదురుగా కూర్చుని చెప్పడం కంటే పక్కన నడుస్తూ చెప్పడం తేలిక.

నడక మొదలైన ఐదు నిమిషాల్లోనే చెప్పేయండి. చివర్లో చెబుదామనుకుంటే క్రికెట్లోకి, రాజకీయాల్లోకి పోతుంది, తర్వాత ఉప్మా పెసరట్టు, తర్వాత ఇంటికి.

వాళ్ల మాటలు దాదాపు ఇలా సాగాయి.

“ఒరే మావా, గ్రూపులో నా పెళ్లి మీద జోకులు, ఆ బూరె స్టిక్కర్ ఉంది చూడు, అవి వద్దురా.”

“ఏట్రా, సీరియస్‌గానా? సరదాకి కదరా.”

“సరదాకే అని నాకు తెలుసు. నీకు తెలియని సంగతి ఒకటుంది. మొన్న ఒక సంబంధం ఖాయం అనుకున్నాక తప్పిపోయింది. అమ్మ అన్నం తినలేదు. ఆరోజు సాయంత్రమే గ్రూపులో ఆ స్టిక్కర్ పడింది.”

అతను కాసేపు ఏం మాట్లాడలేదు. గాజువాక అతను కూడా ఆ మౌనాన్ని నింపే ప్రయత్నం చేయలేదు. ఇది గమనించండి. చాలామంది ఇక్కడే కంగారుపడి “అబ్బే, పెద్దగా ఏం కాదులే, నేనే ఎక్కువ ఆలోచిస్తున్నా” అని అడిగినదాన్ని తామే వెనక్కి తీసేసుకుంటారు. నాలుగడుగులు నిశ్శబ్దంగా నడవండి చాలు.

“మరి నువ్వూ నవ్వుతూనే ఉన్నావుగా రా?”

“నవ్వాను. అందరిలో ఇంకేం చేయాలో తెలియక నవ్వాను. అందుకే నీకు తెలియాలని ఇప్పుడు చెప్తున్నాను.”

జవాబు ఇంతే. “నవ్వలేదు” అని బుకాయించొద్దు, మెసేజ్‌లు ఉన్నాయి. “నేను నవ్వితే మాత్రం నీకు అర్థం కాదా?” అని ఎదురు ప్రశ్న వేయొద్దు, అర్థం కాలేదు కాబట్టే ఇక్కడిదాకా వచ్చింది.

“అయితే నేనొక్కణ్ణే కాదు కదా, అందరూ వేస్తున్నారు.”

“నువ్వు ఆపితే వాళ్లూ ఆపుతారు. అందరికీ చెప్పలేను, నీకు చెప్పగలను.”

ఇది పొగడ్త కాదు, నిజం. గ్రూపులో జోకు మొదలుపెట్టేది ఒకరో ఇద్దరో, మిగతావాళ్లు వెనక వస్తారు.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇంకోటి మిగిలింది, చాలామంది అడగడం మర్చిపోయేది కూడా అదే: “గ్రూపులో దీని గురించి ఏమీ చెప్పొద్దు.” ఎందుకంటే మంచి స్నేహితుడు చేసే మంచి పని ఒకటుంది. ఆ మధ్యాహ్నమే గ్రూపులో “ఇకనుంచి మనవాణ్ణి పెళ్లి గురించి ఎవరూ ఏమీ అనకండి, హర్ట్ అవుతున్నాడు” అని పెడతాడు. అతని ఉద్దేశం మిమ్మల్ని కాపాడటమే. జరిగేది మాత్రం మీరు విడిగా చెప్పిందంతా 14 మంది ముందు పడటం. “ఏమైంది రా”, “సారీ బ్రో”, “లైట్ తీస్కో మామా” అంటూ రోజంతా మీ గురించే. అందుకని స్పష్టంగా చెప్పండి: ప్రకటన వద్దు, నువ్వు ఊరికే మానెయ్. ఎవరైనా ఆ స్టిక్కర్ వేస్తే నవ్వకు, వేరే మాట ఎత్తు.

ఆ తర్వాత ఇక ఆ విషయం వదిలేయండి. అతను మాటిచ్చాక మళ్లీ రెండోసారి వివరించొద్దు. పెసరట్టు తినండి, వాళ్ల పిల్ల స్కూలు సంగతులు అడగండి.

అతను వేరేలా స్పందిస్తే

కొందరు అతిగా సారీ చెప్తారు. “నేను ఇంత వెధవనా రా” అని తలపట్టుకుంటారు. అప్పుడు ఓదార్చే పని మీ మీద పడుతుంది, మీ విషయం పక్కకి పోతుంది. “వెధవ్వి అని చెప్పడానికి రాలేదు, ఆ ఒక్కటీ మానేస్తే చాలు” అని మళ్లీ ఆ వాక్యం దగ్గరికే తీసుకురండి.

కొందరు “అంత సెన్సిటివ్ ఏంట్రా” అంటారు. సెన్సిటివా కాదా అనే చర్చలోకి దిగొద్దు, దానికి అంతం లేదు. “అనుకో. ఈ విషయంలో మాత్రం వద్దు” అంటే చాలు. స్నేహితుడు ఒప్పుకోవాల్సింది మీ బాధ సబబా కాదా అన్నది కాదు, ఆపడం ఒక్కటే.

కొందరు లెక్క తీస్తారు: “మరి నువ్వు నా పొట్ట మీద వేయలేదా?” ఇది న్యాయమైన ప్రశ్న కావచ్చు. “అది నీకు ఇబ్బందా? అయితే నేనూ ఆపేస్తా” అని వెంటనే ఒప్పుకోండి. అప్పుడు మాట ఇద్దరి మధ్యా సమానంగా నిలుస్తుంది, ఇంకా గట్టిగా నిలుస్తుంది.

ఊళ్లో లేకపోతే, పెద్దవారైతే

స్నేహితుడు అమెరికాలోనో బెంగళూరులోనో ఉంటే ఫోన్ చేయండి. వీడియో అక్కర్లేదు. మామూలు కాల్‌లో గొంతు వినిపిస్తుంది, ముఖం దాచుకోవచ్చు. కాల్ కూడా కుదరకపోతేనే రాయండి, రాస్తే నాలుగు వాక్యాలు దాటొద్దు:

“మావా, ఒక చిన్న రిక్వెస్ట్. గ్రూపులో నా పెళ్లి మీద జోకులు, ఆ స్టిక్కర్ వద్దురా. నువ్వు సరదాకే వేస్తావని తెలుసు, ఇంట్లో పరిస్థితి వల్ల నాకు ఇప్పుడు కష్టంగా ఉంది. గ్రూపులో మాత్రం దీని గురించి ఏమీ అనకు, మన ఇద్దరి మధ్యే ఉంచు.”

నీలం టిక్కులు పడి గంటైనా జవాబు రాకపోతే రెండో మెసేజ్ పంపకండి. అతను సిగ్గుపడుతూ ఉండొచ్చు, ఆఫీసులో ఉండొచ్చు. మర్నాటిదాకా ఆగండి.

జోకు వేసేది ఆఫీసు గ్రూపులో వయసులో పెద్దవారైతే “అన్నా” అనే పిలుపు అలాగే ఉంచి, మాట మాత్రం తగ్గించండి: “అన్నా, ఒక్క మాట. గ్రూపులో నా పెళ్లి టాపిక్ వదిలేయండి అన్నా, ఇంట్లో కొంచెం ఇబ్బందిగా ఉంది.” కారణం ఇంతకంటే విప్పనక్కర్లేదు. చాలామంది పెద్దవాళ్లు “అయ్యో, అలాగా తమ్ముడూ” అని అక్కడితో ఆపేస్తారు.

తర్వాతి రెండు మూడు వారాలు

శ్రావణం వచ్చింది, మొదటి శుభలేఖ పడింది. ఎంవీపీ అతను శుభాకాంక్షలు మాత్రమే చెప్పాడు. కానీ వేరొకతను పాత అలవాటు కొద్దీ బూరె స్టిక్కర్ వేశాడు. ఇది తప్పకుండా జరుగుతుంది. స్టిక్కర్‌ని ఎవరైనా సేవ్ చేసుకున్నాక, తయారుచేసినవాడు తన ఫోన్‌లోంచి తీసేసినా వాళ్ల దగ్గర అలాగే ఉంటుంది. కాబట్టి మీ మాట ఫలించిందా లేదా అనడానికి గుర్తు స్టిక్కర్ పడిందా లేదా అన్నది కాదు, మీరు అడిగిన మనిషి ఏం చేశాడు అన్నది. ఎంవీపీ అతను నవ్వలేదు, “ఒరేయ్, ముహూర్తం ఎన్నింటికో చూశారా, తెల్లారుజామున మూడింటికి. ఎవరు వెళ్తున్నార్రా?” అని మాట మార్చాడు. నవ్వు దొరకని జోకు అక్కడే పడిపోయింది.

ఆ రోజు రాత్రి గాజువాక అతను విడిగా “థాంక్స్ రా” అని రెండు మాటలు పంపాడు. ఇది తప్పక చేయండి. మానేయడం బయటికి కనిపించని పని, మీరు గమనించారని అతనికి తెలియాలి.

ఒకవేళ అతనే మర్చిపోయి మళ్లీ వేశాడనుకోండి. అలవాటులో జారడం వేరు, కావాలని వేయడం వేరు. జారితే విడిగా ఒక్క లైను: “మావా, అది వద్దనుకున్నాం కదా.” నిజంగా మర్చిపోయినవాడు వెంటనే తీసేస్తాడు. వేసిన మెసేజ్‌ని అందరికీ కనబడకుండా తీసేయడానికి సుమారు రెండున్నర రోజుల గడువుంటుంది, ఆ తర్వాత కుదరదు. గ్రూపు అడ్మిన్ అయితే ఎవరి మెసేజ్ అయినా అందరికీ పోయేలా తీసేయగలడు, కానీ అది అతన్ని అందరిలో చిన్నబుచ్చినట్టు అవుతుంది, మొదటి తప్పుకే అడ్మిన్ దాకా వెళ్లొద్దు.

గుర్తుచేశాక కూడా వేస్తే, పైగా “ఎవరికో నచ్చదట, అయినా వేస్తున్నా” అని సైగ చేస్తూ వేస్తే, అది మర్చిపోవడం కాదు. అప్పుడు ఫోన్ చేసి ఒకసారి గట్టిగా అడగండి: “రెండుసార్లు చెప్పాను. ఎందుకు ఆపడం లేదు?” ఆ జవాబు నిజాయితీగా వినండి. మీ మీద అతనికి వేరే కోపం ఏదైనా ఉండి అది జోకుల రూపంలో వస్తుండొచ్చు. ఉంటే మాట్లాడాల్సింది దాని గురించి.

అప్పటికీ ఆగకపోతే గ్రూపుని Always అని మ్యూట్ చేసి, అవసరమైనప్పుడు మీరే తెరిచి చూసుకోవచ్చు. బయటికి వచ్చేయాలనుకుంటే ఇప్పుడు వాట్సాప్‌లో మీరు వెళ్లిన సంగతి అడ్మిన్లకి మాత్రమే నోటిఫికేషన్‌గా వెళ్తుంది, కానీ వెళ్లిపోయినవాళ్ల జాబితాలో మీ పేరు 60 రోజులు కనిపిస్తుంది, ఎవరైనా చూడొచ్చు. కాబట్టి వచ్చేసే ముందు గ్రూపులో మీకు దగ్గరైన ఇద్దరు ముగ్గురికి విడిగా చెప్పండి: “నేను గ్రూపులోంచి వస్తున్నా, మీతో ఏం లేదు, ఫోన్‌లో మాట్లాడుకుందాం.” కారణం అడిగితే చెప్పొచ్చు, చెప్పకపోనూవచ్చు. జోకు వేసిన స్నేహితుడికి మాత్రం ఎందుకు వస్తున్నారో మీరే చెప్పండి, వేరేవాళ్ల నోట అతని దాకా వెళ్లనివ్వకండి.